అంకణాలో 8,800 తేడా: పెట్టిన ఫొటో మాయమైంది, అంకెలు టైపు చేస్తున్నాను

కొట్టుపద్దు

అందరికీ నమస్కారం. నాన్నగారి కొట్టు పద్దులకు మార్చి 31 నాటి అంకణా, అంటే ట్రయల్ బ్యాలెన్సు, తయారు చేశాను. డెబిట్, క్రెడిట్ కలవట్లేదు, 8,800 తేడా వస్తోంది. పుస్తకంలో ఆ పేజీ ఫొటో తీసి కింద పెట్టాను. తప్పు ఎక్కడుందో కాస్త చూసి చెప్పండి.

[చిత్రం అందుబాటులో లేదు]

వెంకట్_కామర్స్

ఫొటో రావట్లేదమ్మా, ఖాళీ డబ్బా కనిపిస్తోంది. మంచి వెలుతురులో ఇంకోటి తీసి మళ్లీ పెట్టు, చూసి చెప్తాను.

కొట్టుపద్దు

ఆదివారం పెట్టినప్పుడు బాగానే కనిపించింది సార్. ఇప్పుడు నాకూ ఖాళీగానే ఉంది. ఫొటోను వేరే సైటులో ఎక్కించి దాని లింకు ఇక్కడ పెట్టాను. ఫోన్లో చోటు లేక అసలు ఫొటో కూడా తీసేశాను. పుస్తకం మాత్రం నా దగ్గరే ఉంది. మళ్లీ తీయమంటారా?

జమాఖర్చు

వద్దమ్మా, టైపు చెయ్యి. లింకు ఇచ్చినప్పుడు ఫొటో ఇక్కడ ఉండదు, ఆ రెండో సైటులోనే ఉంటుంది. అక్కడ గడువు తీరినా, వాళ్లు తీసేసినా ఇక్కడ మిగిలేది ఖాళీ డబ్బానే. మళ్లీ పెట్టినా కొన్నాళ్లకు అదే జరుగుతుంది.

ఆదివారం ఆ ఫొటో నేను చూశాను. పేజీ మడత పడిన చోట రెండు మూడు మొత్తాలు సరిగ్గా చదవడానికి రాలేదు, 1 ఏదో 7 ఏదో తెలియలేదు. ఒక్క అంకె తప్పు చదివినా అంకణాలో లేని తేడాను వెతుక్కుంటూ కూర్చుంటాం. పేజీ చివర కొందరు ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు కూడా ఉన్నాయి. ఆ ఫొటో పోవడమే నయం.

కొట్టుపద్దు

అయ్యో, నంబర్లు ఉన్నాయని చూసుకోలేదు. ఇదిగో టైపు చేశాను:

ప్రారంభ సరుకు 140000 కొనుగోళ్లు 685000 వాపసులు 6300, 4400 బాకీలు 72500, 91600 సొంతవాడకాలు 96000 అద్దె 60000 జీతాలు 84000 రవాణా 11200 నగదు బ్యాంకు 18400 34600 ఫర్నిచర్ 35000 మూలధనం 250000 అమ్మకాలు 9.06

వెంకట్_కామర్స్

ఇది చాలు, దీనితో చూడొచ్చు. బాకీల్లో 72,500 రావాల్సింది, 91,600 ఇవ్వాల్సింది అనుకుంటా. అమ్మకాలు 9,06,000 అయ్యుంటాయి.

జమాఖర్చు

వెంకట్ గారూ, “అనుకుంటా”, “అయ్యుంటాయి” అంటున్నామంటే తప్పు పుస్తకంలో ఉందో మన ఊహలో ఉందో చెప్పలేం. మీ ఊహ సరైనదే కావచ్చు. కానీ 9.06 అంటే 9,06,000 కావచ్చు, 9,00,600ని తొందరలో అలా రాసినదీ కావచ్చు. “వాపసులు 6300, 4400” అన్న చోట మరీ చిక్కు. ఒకటి మనం అమ్మిన సరుకు తిరిగి రావడం, ఇంకోటి మనం కొన్న సరుకు తిరిగి పంపడం. రెండూ ఒకే వైపు రావు. ఏది ఏదో ఇందులో లేదు.

అమ్మా, ఇంకోసారి ఇలా టైపు చెయ్యి. ఎందుకో కూడా చెప్తాను.

ఒక వరుసలో ఒకే ఖాతా రాయి. పుస్తకంలో ఏ వరుసలో ఉంటే అదే వరుసలో రాయి, ముందువెనకలు చేయకు. అలా అయితే తర్వాత పుస్తకం పక్కన పెట్టుకుని వరుసగా వేలు పెట్టి సరిచూసుకోవచ్చు. డెబిట్ వైపువి ఒక ముక్కగా, క్రెడిట్ వైపువి ఇంకో ముక్కగా వేరు చెయ్యి. క్రెడిట్ అని చెప్పడానికి అంకె ముందు మైనస్ పెట్టకు. కొందరు దాన్ని అడ్డగీత అనుకుంటారు, కొందరు నిజంగానే తీసేస్తారు. నువ్వు పుస్తకంలో ఏ వైపు రాశావో ఇక్కడా ఆ వైపే రాయి. అది తప్పని ఇప్పుడు అనిపించినా సరే, మార్చకు. మనం వెతుకుతున్నది ఆ తప్పునే.

కామాలు పెట్టు. 685000 అని రాస్తే సున్నాలు లెక్కపెట్టుకోవాలి, ఒకటి తగ్గినా కంటికి ఆనదు. 6,85,000 అంటే చూడగానే తెలుస్తుంది. లక్షల్లో కుదించకు, చుక్క వాడకు.

చదవడానికి రాని అంకె ఉంటే ఊహించి రాయకు. ఆ చోట ప్రశ్నార్థకం పెట్టి పక్కన రెండు అవకాశాలూ రాయి: 3?,000 అని పెట్టి “35,000 లేదా 38,000” అన్నట్టు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి. రెండు వైపులా చివర పుస్తకంలో నువ్వు వేసిన మొత్తం కూడా టైపు చెయ్యి. ఇక్కడ మళ్లీ కూడి రాయకు, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాయి. ఆ మొత్తం ఉంటే నువ్వు టైపు చేసినది పుస్తకంలో ఉన్నదేనా అని మేము ఇక్కడే పరీక్షించుకోవచ్చు. అది లేకపోతే ఆ దారి లేదు.

పట్టికలపని

జమాఖర్చు గారు చెప్పినదానికి ఒక చేర్పు. ఖాతా పేరు ముందు, అంకె తర్వాత రాసి మధ్యలో ఖాళీలతో సర్దితే తెలుగులో వరుస కుదరదు. మామూలు పోస్టులో వరుసగా ఉన్న ఖాళీలు ఒక్కటిగా కలిసిపోతాయి. కోడ్ డబ్బాలో పెడితే ఖాళీలు నిలుస్తాయి కానీ తెలుగు అక్షరాలన్నీ ఒకే వెడల్పు ఉండవు. గుణింతాలు, ఒత్తులు ఉన్న పేరు ఒక్కో ఫోన్లో ఒక్కో పొడవు తీసుకుంటుంది, దాని వెనక అంకె అటూ ఇటూ జరుగుతుంది. అందుకే అంకె ముందు, పేరు తర్వాత రాయండి. కోడ్ డబ్బాలో అంకెలు, కామా, ఖాళీ ఒకే వెడల్పులో ఉంటాయి. కాబట్టి ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు తిన్నగా పడతాయి.

ఇంకోటి. తెలుగు కీబోర్డులో ఉండే తెలుగు అంకెలు వాడకండి. తెలుగు సున్నా ౦, నిండుసున్నా ం చూడటానికి ఒకేలా ఉంటాయి, కంప్యూటరుకు మాత్రం అవి వేర్వేరు గుర్తులు. ఎవరైనా మీ అంకెలు తీసుకెళ్లి లెక్కల పట్టికలో అతికిస్తే అలాంటి గడిని అక్షరాలుగా తీసుకునే ప్రమాదం ఉంది. అప్పుడు `=SUM(A1:A12)` ఏమీ అనకుండా ఆ గడిని వదిలేసి కూడుతుంది. మొత్తం తగ్గుతుంది, ఎందుకు తగ్గిందో కనిపించదు.

కోడ్ డబ్బా కావాలంటే ముందు ఒక వరుసలో మూడు బ్యాక్‌టిక్ గుర్తులు, చివర ఇంకో వరుసలో మూడు బ్యాక్‌టిక్ గుర్తులు పెట్టాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అవి గుర్తుల రెండో పేజీలో ఉంటాయి.

కొట్టుపద్దు

చాలా థాంక్స్ అండీ. మళ్లీ చేశాను. ప్రశ్నార్థకం అవసరం రాలేదు, అన్నీ చదవడానికి వచ్చాయి.

డెబిట్ వైపు:

```
 1,40,000  ప్రారంభ సరుకు
 6,85,000  కొనుగోళ్లు
    6,300  అమ్మకాల వాపసులు
    4,400  కొనుగోలు వాపసులు
   72,500  రుణగ్రస్తులు
   96,000  సొంతవాడకాలు
   60,000  అద్దె
   84,000  జీతాలు
   11,200  రవాణా
   18,400  నగదు
   34,600  బ్యాంకు
   35,000  ఫర్నిచర్
12,56,400  పుస్తకంలో మొత్తం
```

క్రెడిట్ వైపు:

```
 2,50,000  మూలధనం
 9,06,000  అమ్మకాలు
   91,600  రుణదాతలు
12,47,600  పుస్తకంలో మొత్తం
```

వెంకట్_కామర్స్

ఇప్పుడు హాయిగా ఉంది చూడటానికి. నేను కూడాను. డెబిట్ 12,47,400, క్రెడిట్ 12,47,600. అంటే నీ తేడా 8,800 కాదమ్మా, 200 మాత్రమే, అదీ క్రెడిట్ ఎక్కువ. ఏదో 200 చిల్లర ఖర్చు నగదు పుస్తకంలో రాసి ఆవర్జాకి, అంటే లెడ్జరుకి, ఎక్కించడం మర్చిపోయి ఉంటారు. ఈలోగా 200ని అనామతు ఖాతాలో డెబిట్ వేసి ముందుకెళ్లు. తర్వాత దొరికినప్పుడు సరిదిద్దుకోవచ్చు.

లక్ష్మి_టీచర్

అసలు ముగింపు సరుకు ఎక్కడమ్మా? జాబితాలో ప్రారంభ సరుకు ఉంది, ముగింపు సరుకు లేదు. అది వేయకపోతే కలవదు. మార్చి 31న కొట్లో మిగిలిన సరుకు విలువ కట్టి డెబిట్ వైపు రాయి.

జమాఖర్చు

లక్ష్మి గారూ, ముగింపు సరుకు మామూలుగా అంకణాలో రాదండీ. అంకణా అంటే ఆవర్జాలో తేలిన నిల్వల పట్టిక. ముగింపు సరుకుకు ఆ రోజుకి ఆవర్జాలో ఖాతాయే ఉండదు. లెక్కించి విలువ కట్టాక వర్తకపు ఖాతాలో, ఆస్తి అప్పుల పట్టీలో రెండు చోట్లా చూపిస్తాం. కొనుగోళ్లలోంచి ముందే సర్దుబాటు చేసి ఉంటేనే అంకణాలోకి వస్తుంది. ఇక్కడ ప్రారంభ సరుకు విడిగా కనిపిస్తోంది కాబట్టి ఆ సర్దుబాటు జరగలేదు. ఇప్పుడు దాన్ని ఒక్క వైపే చేర్చితే తేడా ఇంకా పెరుగుతుంది.

వెంకట్ గారూ, మీ కూడిక సరైనదే. కానీ 200 వెంట పడే ముందు ఒకటి చూడండి. డెబిట్ వైపు టైపు చేసినవి కూడితే 12,47,400. పుస్తకంలో మొత్తం 12,56,400. ఈ రెండూ కలవాలి కదా. కలవలేదంటే పుస్తకంలో కూడిక తప్పయినా అయ్యుండాలి, టైపు చేయడంలో ఒక అంకె మారైనా ఉండాలి. అది తేల్చకుండా డెబిట్‌ను క్రెడిట్‌తో పోల్చకూడదు.

తేడా సరిగ్గా 9,000. దాన్ని 9తో భాగిస్తే 1,000 వస్తుంది. పక్కపక్క అంకెలు రెండు తారుమారైతే తేడా ఎప్పుడూ 9తో నిశ్శేషంగా పోతుంది. పదివేల స్థానంలో ఒకటి తగ్గి వేల స్థానంలో ఒకటి పెరిగితే పదివేలు పోయి వెయ్యి వచ్చినట్టు, అంటే నికరంగా 9,000 తగ్గుతుంది. కాబట్టి పదివేల అంకె కన్నా వేల అంకె సరిగ్గా ఒకటి ఎక్కువ ఉన్న మొత్తం కోసం డెబిట్ వైపు వెతకాలి. 72,500లో 7, 2. 96,000లో 9, 6. 84,000లో 8, 4. 18,400లో 1, 8. 35,000లో 3, 5, అక్కడ ఎడం రెండు, సరిపోదు. లక్షల్లో ఉన్న రెండూ చూసినా కుదరవు. ఒకటికి ఒకటి తేడాగా ఉన్నది 34,600 ఒక్కటే.

అమ్మా, బ్యాంకు నిల్వ ఆవర్జాలో, పాస్‌బుక్‌లో కాదు, ఆ అంకణా పేజీలో ఎంత రాశావో చూసి చెప్పు. 43,600 ఉండాలి.

కొట్టుపద్దు

43,600 ఉంది సార్!! రెండోసారి టైపు చేసినప్పుడు పుస్తకం చూడలేదు, నా ముందు పోస్టు చూసి రాశాను. అక్కడే 34600 అని తప్పు పడింది.

జమాఖర్చు

అదే జరిగింది. ఇకమీదట ఎన్నిసార్లు టైపు చేసినా ప్రతిసారీ పుస్తకం చూసే చెయ్యి. నకలుకు నకలు తీస్తే మొదటి తప్పు కూడా వెంట వస్తుంది. కుదిరితే చదివేవాళ్లు ఒకరు, టిక్కు పెట్టేవాళ్లు ఒకరు ఉంటే మంచిది. అది కూడా కింద నుంచి పైకి చదవాలి. పైనుంచి చదివితే తర్వాత ఏం రావాలో మనసుకు ముందే తెలిసిపోయి కన్ను జారుతుంది.

ఇక్కడ రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేశాయి. పుస్తకంలో తప్పు డెబిట్‌ను క్రెడిట్ కన్నా 8,800 పైన నిలిపింది, టైపులో తప్పు దాన్ని 9,000 కిందికి లాగింది. మిగిలింది 200. ఆ 200కి లోకంలో ఎక్కడా ఆధారం ఉండదు. అనామతు ఖాతాలో వేసి ఉంటే అది ఏళ్ల తరబడి అక్కడే కూర్చునేది.

వెంకట్_కామర్స్

ఒప్పుకుంటున్నాను, పుస్తకంలో మొత్తాన్ని నేను చూడలేదు. అయితే తేడా 9తో పోతే అంకెలు తారుమారైనట్టే అని గుర్తుపెట్టుకోవచ్చన్నమాట.

జమాఖర్చు

అలా గట్టిగా చెప్పలేం వెంకట్ గారూ. ఏ కారణం లేకుండానే ప్రతి తొమ్మిది మొత్తాల్లో ఒకటి 9తో పోతుంది. అంకెలు తారుమారైతే తేడా 9తో పోవడం ఖాయం. 9తో పోయింది కాబట్టి తారుమారే జరిగిందనడం మాత్రం ఖాయం కాదు. అది ఎక్కడ ముందు వెతకాలో చూపిస్తుంది, అంతే. దొరికాక పుస్తకంలో చూసుకుంటేనే తేలేది.

రాము_హార్డ్‌వేర్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అంకణాలో తేడా 5,850. ఇదీ 9తో పోతుంది, 650 వస్తోంది. మీరు చెప్పినట్టు పక్కపక్క అంకెలు మారినవి ఎంత వెతికినా దొరకలేదు.

జమాఖర్చు

రాము గారూ, పక్కపక్క అంకెలు రెండు మారితే 9తో భాగించాక ఒక్క అంకె, దాని వెనక సున్నాలు మాత్రమే రావాలి. ఇందాక 1,000 వచ్చినట్టు. మీకు 650 వచ్చింది, అందులో 6, 5 రెండు అంకెలున్నాయి. కాబట్టి అది ఒక జత తారుమారు కాదు. ఒక సున్నా పోవడమో, ఎక్కువవడమో అయ్యుండొచ్చు. 6,500ని 650గా రాస్తే తగ్గేది సరిగ్గా 5,850. మీ ఆవర్జాలో 650 కానీ 6,500 కానీ ఉన్న ఖాతా చూసి, అంకణాలో అదే మొత్తం పడిందో లేదో సరిచూడండి.

రాము_హార్డ్‌వేర్

రవాణా ఖాతా! ఆవర్జాలో 6,500, అంకణాలో 650. కామా లేకుండా రాశాం. థాంక్స్ అండీ.

కొట్టుపద్దు

సార్, బ్యాంకు 43,600 చేశాక డెబిట్ 12,56,400 పుస్తకంతో కలిసింది. క్రెడిట్ 12,47,600 ముందే కలిసింది. తేడా మళ్లీ 8,800కి వచ్చింది. 8,800ని 9తో భాగిస్తే శేషం వస్తోంది. ఇప్పుడేం చూడాలి?

జమాఖర్చు

బాగా చేశావమ్మా. ఇప్పుడు వెతుకుతున్నది పుస్తకంలోని తప్పునే, ఇందులో టైపు గొడవ లేదు.

9తో పోలేదు కాబట్టి ఇప్పుడు 8,800ని రెండుతో భాగించు. 4,400. ఆ మొత్తం జాబితాలో ఉందా?

కొట్టుపద్దు

ఉంది. కొనుగోలు వాపసులు 4,400, డెబిట్ వైపు.

జమాఖర్చు

ఒక మొత్తాన్ని వేయాల్సిన వైపు కాకుండా ఎదుటి వైపు వేస్తే అది రెండు దెబ్బలు కొడుతుంది. ఇటు 4,400 పెరుగుతుంది, అటు 4,400 తగ్గుతుంది. అందుకే తేడా దానికి రెట్టింపు అవుతుంది.

ఇప్పుడు ఆ ఖాతా స్వభావం చూడు. కొనుగోళ్లు డెబిట్ నిల్వ. కొన్నదాంట్లో కొంత సరుకు బాగాలేదని తిరిగి పంపితే కొనుగోలు తగ్గుతుంది. తగ్గించేది ఎదుటి వైపు ఉండాలి, కాబట్టి కొనుగోలు వాపసులు క్రెడిట్. అమ్మకాల వాపసులు దీనికి తిరగేసి, డెబిట్. నువ్వు మొదటిసారి టైపు చేసినదాంట్లో “వాపసులు 6300, 4400” అని రెండూ ఒక్క మాట కింద ఉన్నాయి కదా, పుస్తకంలో కూడా బహుశా అలాగే ఒక జట్టుగా అనుకుని ఒకే వైపు వేసి ఉంటావు.

అయినా నా మాట మీద మార్చకు. ఆవర్జాలో కొనుగోలు వాపసుల ఖాతా తెరిచి, నిల్వ ఏ వైపు తేలిందో చూడు.

కొట్టుపద్దు

చూశాను. ఆవర్జాలో క్రెడిట్ నిల్వే ఉంది, 4,400. అంకణాలోకి తెచ్చేటప్పుడు నేనే డెబిట్‌లో రాశాను. ఇప్పుడు ఇలా వచ్చింది, డెబిట్‌లో 4,400 తీసేసి:

```
 2,50,000  మూలధనం
 9,06,000  అమ్మకాలు
   91,600  రుణదాతలు
    4,400  కొనుగోలు వాపసులు
12,52,000  క్రెడిట్ మొత్తం
12,52,000  డెబిట్ మొత్తం
```

కలిసింది సార్!

వెంకట్_కామర్స్

శభాష్. ఇక లాభనష్టాలు తేల్చుకోవచ్చు.

పట్టికలపని

ఆ అద్దె 60,000 పన్నెండు నెలలదేనా అని ఒకసారి చూసుకోండి. అంకణా కలిసినా ఒక నెల అద్దె ఇంకా చెల్లించకుండా ఉండొచ్చు. అది ఖాతాల్లోకే రాదు కాబట్టి తేడాలోనూ కనిపించదు.

జమాఖర్చు

నిజమే. అంకణా కలవడమంటే రెండు వైపులా సమానంగా పడిందని మాత్రమే. ఒక అమ్మకం అసలు రాయకపోతే రెండు వైపులా తగ్గుతుంది, అంకణా కలుస్తుంది. ఫర్నిచర్ కొన్నదాన్ని కొనుగోళ్లలో వేసినా రెండూ డెబిటే కాబట్టి కలుస్తుంది. సొంతవాడకాలు 96,000లో ఇంటి ఖర్చులే ఉన్నాయా, కొట్టు ఖర్చులు ఏవైనా కలిశాయా, అదీ చూడదగ్గదే. అది నాన్నగారిని అడిగితేనే తేలుతుంది, మేము ఇక్కడినుంచి చెప్పలేం.

కొట్టుపద్దు

నాన్నని అడుగుతాను. అద్దె పన్నెండు నెలలదే, రసీదులు ఉన్నాయి.

ఇంకొక్కటి అడగనా? అరువు పుస్తకంలో ఒక్కొక్క ఖాతాదారుకి ఒక్కో పేజీ ఉంది. అందరి బాకీలు కూడితే 71,700 వస్తోంది. ఆవర్జాలో రుణగ్రస్తులు 72,500. 800 తక్కువ. అంకణా కలిసింది కాబట్టి దీన్ని వదిలేయొచ్చా?

లక్ష్మి_టీచర్

అంకణా కలిసిందంటే ఆవర్జా సరైనదే కదమ్మా. ఒక పేజీలో 800 రాయి, సరిపోతుంది.

జమాఖర్చు

వద్దు, అది మాత్రం చేయొద్దు. ఎవరి పేజీలో రాస్తే వాళ్లు 800 ఎక్కువ కట్టాలి. లేని బాకీని ఒక మనిషి మీద వేసినట్టవుతుంది.

లక్ష్మి గారన్న మాటలో సగం నిజముంది. అరువు పుస్తకం అంకణాలోకి రాదు, అంకణాలో ఉన్నది ఆవర్జా మొత్తం. అంకణా కలిసింది కాబట్టి ముందు అనుమానించాల్సింది అరువు పుస్తకాన్నే. కానీ ఇందాక చెప్పినట్టు, అంకణా కలిసినా ఆవర్జాలో తప్పు ఉండే వీలుంది. ఎవరైనా 800 కడితే ఖాతాదారు పేజీలో మాత్రం తగ్గించి, నగదు పుస్తకంలో రాయకపోతే ఆవర్జా మొత్తం ఎక్కువగా ఉండిపోతుంది, అంకణా కదలదు.

800 ఏకంగా ఒక అరువు అమ్మకం పేజీలోకి ఎక్కకపోవడం కావచ్చు. లేదా దాని సగం 400 చూడు. ఎవరికో 400 అరువిచ్చి, పేజీలో దాన్ని కూడాల్సింది పోయి వసూలైనట్టు తీసేస్తే బాకీ సరిగ్గా 800 తగ్గుతుంది.

జాబితా టైపు చేసి పెట్టు. పేర్లు వద్దు, నంబర్లు అసలే వద్దు. 1, 2, 3 అని వరుస సంఖ్యలు ఇవ్వు, ఏది ఎవరిదో నీ పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకో. చివర పుస్తకంలో ఉన్న మొత్తం మర్చిపోకు.

వెంకట్_కామర్స్

ఎవరైనా ముందుగా డబ్బు ఇచ్చి ఉన్నారేమో కూడా చూడమ్మా. అడ్వాన్సు ఇచ్చినవాళ్ల మొత్తాన్ని బాకీల్లోంచి తీసేసి ఉంటే జాబితా తగ్గుతుంది.

జమాఖర్చు

మంచి మాట. అలాంటివాళ్లు ఉంటే ఆ మొత్తాలు వేరే ముక్కగా రాయి, బాకీల్లో కలపకు. అవి మనం ఇవ్వాల్సినవి.

కొట్టుపద్దు

మొత్తం 23 పేజీలు ఉన్నాయి. ఇప్పటికి ఏడు అయ్యాయి, పుస్తకం చూసే రాస్తున్నాను:

```
 4,200  1
 1,850  2
 6,000  3
   400  4  అడ్వాన్సు? పేజీలో వైపు తెలియట్లేదు
 3,75?  5  3,750 లేదా 3,756
 2,300  6
 5,100  7
```

నాలుగో పేజీ నాన్న రాసింది, తేదీ పక్కన ఒక్క అంకె మాత్రమే ఉంది. ఇచ్చిందో తీసుకున్నదో రాయలేదు. రాత్రి కొట్టు మూశాక అడిగి మిగతా పదహారూ పెడతాను.